ఫ్యూచర్స్ ఒప్పందంలో మార్జిన్, రోజువారీ పరిష్కారం, గడువు: నిజామాబాద్ పసుపు ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

రాబోయే నెలల్లో చేతులు మారవలసిన సరుకుకు ఈనాడే ధర నిర్ణయించుకొనే ఏర్పాటు ఫ్యూచర్స్ ఒప్పందం. సరుకు ఉన్నవారికి ధర పడిపోతుందన్న భయం నుండి ఇది రక్షణ కల్పిస్తుంది. అయితే లాభనష్టాలను ఏ రోజుకారోజు నగదుగా తేల్చే పద్ధతి వలన, గడువునాటికి నష్టమేమీ లేని ఒప్పందం కూడా మధ్యలో తెగిపోవచ్చు. ధర కదలికలవలన కలిగే నష్టం వేరు, ఆ కదలికల కాలంలో నగదు చాలకపోవడంవలన కలిగే నష్టం వేరు. నిజామాబాద్ కేంద్రంగా ఉన్న పసుపు ఫ్యూచర్స్‌ను ఆధారం చేసుకొని ఈ భేదాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఫ్యూచర్స్, మార్జిన్, రోజువారీ పరిష్కారం, గడువు, ధరరక్షణ, పసుపు, నిజామాబాద్.

1.0 ఉపోద్ఘాతం

నిజామాబాద్ ప్రాంతంలో పసుపు తవ్వకాలు శీతకాలం చివర మొదలై వేసవి ప్రారంభం వరకు సాగుతాయి. పంట అంతా ఇంచుమించు ఒకే కాలంలో యార్డుకు చేరుతుంది. కానీ మసాలా పరిశ్రమలకూ ఎగుమతిదారులకూ పసుపు ఏడాది పొడవునా కావాలి. ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టిన పసుపు కొన్ని నెలలపాటు నిలువ ఉంటుంది గనుక, దానిని దాచి తరువాత అమ్మవచ్చు. దాచినవారికి ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: అమ్మేనాటికి ధర ఎంత ఉంటుంది?

ఈ ప్రశ్నకు పాతకాలపు సమాధానం ముందస్తు ఒప్పందం. ఆగస్టులో ఇంత సరుకు ఇంత ధరకు ఇస్తానని అమ్మేవాడు, తీసుకుంటానని కొనేవాడు మాట ఇచ్చిపుచ్చుకుంటారు. ధర బాగా పెరిగితే అమ్మేవాడికి, బాగా తగ్గితే కొనేవాడికి ఆ మాట తప్పాలనే ఆశ పుడుతుంది. మాట నిలబడుతుందా లేదా అన్నది అవతలి మనిషి నిజాయితీమీద, ఆర్థికస్తోమతమీద ఆధారపడుతుంది. ఈ లోపాన్ని సరిదిద్దడానికి ఏర్పడినదే ఫ్యూచర్స్ ఒప్పందం. అది మనుషుల నిజాయితీని పెంచదు. మాట తప్పినా ఎదుటివారికి నష్టం కలగని విధంగా ముందుగానే సొమ్ము వసూలు చేస్తుంది.

భారతదేశంలో 2003 డిసెంబరులో ఎన్‌సీడీఈఎక్స్ వ్యవసాయ సరుకుల ఆన్‌లైన్ ఎక్స్ఛేంజిగా కార్యకలాపాలు ప్రారంభించింది. 2015 సెప్టెంబరులో సరుకుల ఫ్యూచర్స్ మార్కెట్ల నియంత్రణ ఫార్వర్డ్ మార్కెట్స్ కమిషన్ నుండి సెబీకి బదిలీ అయింది. ఎన్‌సీడీఈఎక్స్‌లో జరిగే పసుపు ఫ్యూచర్స్‌కు నిజామాబాద్ ప్రధాన అప్పగింత కేంద్రం. తెరమీద కనిపించే పసుపు ఫ్యూచర్స్ ధర నిజామాబాద్‌లో అప్పగించే సరుకు ధర అన్నమాట.

2.0 ఒప్పందం స్వరూపం

ఫ్యూచర్స్ ఒప్పందంలో సరుకు నాణ్యత, పరిమాణం, అప్పగించే చోటు, గడువు తేదీ అన్నీ ఎక్స్ఛేంజి ముందే నిర్ణయించి ఉంచుతుంది. కొనేవారికీ అమ్మేవారికీ తేల్చుకోవడానికి మిగిలేది ధర ఒక్కటే. పసుపు ఒప్పందంలో ఒక లాట్ 5 టన్నులు, అంటే 50 క్వింటాళ్లు. ధరను క్వింటాలుకు ఇన్ని రూపాయలని చెబుతారు. కాబట్టి క్వింటాలుకు ఒక్క రూపాయి ధర మారితే ఒక లాట్‌మీద 50 రూపాయలు అటో ఇటో కదులుతాయి.

బేరం కుదిరిన వెంటనే క్లియరింగ్ సంస్థ రెండు పక్షాల మధ్యకు వస్తుంది. అమ్మినవారికి అదే కొనుగోలుదారు, కొన్నవారికి అదే అమ్మకందారు అవుతుంది. నిజామాబాద్‌లో అమ్మినవారు తమ ఒప్పందాన్ని ఎవరు కొన్నారో తెలుసుకోనవసరం లేదు. ఒప్పందం నుండి బయటపడాలనుకుంటే అవతలివారి అనుమతి అడగనవసరమూ లేదు. అమ్మినన్ని లాట్లను అదే నెల ఒప్పందంలో తిరిగి కొంటే చాలు, బాధ్యత రద్దవుతుంది. ఈ సౌలభ్యం అందించే క్లియరింగ్ సంస్థ ప్రతి ఒప్పందంలోనూ ఎదుటిపక్షమై నిలబడుతుంది గనుక, ఎవరు డబ్బు ఎగ్గొట్టినా ఆ భారం ముందుగా దానిమీదే పడుతుంది. మార్జిన్, రోజువారీ పరిష్కారం అనే రెండు నియమాలకూ మూలం ఇక్కడే ఉంది.

3.0 మార్జిన్

మార్జిన్‌ను సరుకు ధరలో ముందుగా చెల్లించే భాగమని, బయానా వంటిదని చాలామంది భావిస్తారు. అది సరికాదు. బయానా కొనేవాడు మాత్రమే ఇస్తాడు, అది చివరి ధరలో జమ అవుతుంది. మార్జిన్‌ను కొన్నవారూ అమ్మినవారూ ఇద్దరూ కట్టాలి. అది మాట నిలబెట్టుకుంటామన్నందుకు ఉంచే ధరావతు. బాధ్యత తీరిన తరువాత తిరిగి చేతికి వస్తుంది.

ఒకటి రెండు రోజుల్లో ధర ఎంత దూరం కదలవచ్చునో లెక్కగట్టి ఈ ధరావతు మొత్తాన్ని నిర్ణయిస్తారు. కాబట్టి ధరలు నిలకడగా ఉన్నప్పుడు మార్జిన్ శాతం తక్కువగా, ఒడుదొడుకులు పెరిగినప్పుడు ఎక్కువగా ఉంటుంది. అవసరమనిపిస్తే ఎక్స్ఛేంజి అదనపు మార్జిన్ విధిస్తుంది. గడువు దగ్గరపడేకొద్దీ మరికొంత చేరుతుంది. అంటే ఒప్పందం చేసుకున్న రోజున కట్టిన మార్జిన్ చివరివరకు అంతే ఉంటుందనే హామీ లేదు. ఈ ప్రారంభ మార్జిన్‌ను నగదుగానే కాక, బ్యాంకు గ్యారంటీలు, డిపాజిట్ రసీదులు, ప్రభుత్వ బాండ్లు వంటి ఆమోదిత పూచీల రూపంలోనూ ఇవ్వవచ్చు.

4.0 రోజువారీ పరిష్కారం

ప్రతి వ్యాపారదినం చివర ఎక్స్ఛేంజి ఆ రోజు పరిష్కార ధరను ప్రకటిస్తుంది. సాధారణంగా మార్కెట్ ముగింపు సమయానికి ముందు జరిగిన బేరాల సగటునుండి ఈ ధర వస్తుంది. నిన్నటి పరిష్కార ధరకూ నేటి ధరకూ ఉన్న తేడాను నష్టపోయినవారినుండి వసూలు చేసి లాభపడినవారికి చెల్లిస్తారు. వ్యాపార వాడుకలో దీనిని ‘మార్క్ టు మార్కెట్’ అంటారు. ఇది కాగితంమీది లెక్క కాదు. ఖాతాలోనుండి నగదు నిజంగా కదులుతుంది. ప్రారంభ మార్జిన్‌కు పూచీపత్రాలు సరిపోవచ్చు గాని, ఈ తేడాకు నగదే కావాలి.

ఒక ఊహాత్మక ఉదాహరణతో దీనిని పరిశీలించవచ్చు. నిజామాబాద్ ప్రాంతంలోని ఒక రైతు ఉత్పత్తిదారుల సంస్థ మార్చి నెలలో సభ్యులవద్ద సేకరించిన 50 టన్నుల పసుపును గోదాములో ఉంచింది. ఆగస్టులో అమ్మాలని ఆలోచన. ఆగస్టు ఫ్యూచర్స్ ధర క్వింటాలుకు 14,000 రూపాయలు. ఆ ధర దక్కితే చాలునని సంస్థ 10 లాట్లు అమ్మింది. ఒప్పందం విలువ 70 లక్షల రూపాయలు. మార్జిన్ 12 శాతమనుకుంటే 8.4 లక్షలు. పరిమాణం 500 క్వింటాళ్లు గనుక క్వింటాలుకు ఒక్క రూపాయి తేడా వస్తే 500 రూపాయలు కదులుతాయి.

| రోజు | పరిష్కార ధర (రూ.) | తేడా (రూ.) | సంస్థ ఖాతాలో మార్పు (రూ.) |
|---|---|---|---|
| 1 | 14,060 | 60 పెరుగుదల | 30,000 చెల్లింపు |
| 2 | 13,940 | 120 తగ్గుదల | 60,000 రాబడి |
| 3 | 14,300 | 360 పెరుగుదల | 1,80,000 చెల్లింపు |
| 4 | 14,620 | 320 పెరుగుదల | 1,60,000 చెల్లింపు |

మొదటి రోజు తేడాను బేరం జరిగిన 14,000 నుండి, తరువాతి రోజుల తేడాను అంతకుముందు రోజు పరిష్కార ధరనుండి లెక్కించడమైనది. నాలుగు రోజుల మొత్తం చెల్లింపు 3,10,000 రూపాయలు. 14,000 నుండి 14,620 వరకు ఉన్న 620 రూపాయల తేడాను 500తో గుణించినా అదే సంఖ్య వస్తుంది. మధ్యలో ధర ఏ దారిన నడిచినా చివరి మొత్తం మారదు. మారేది ఏ రోజున ఎంత నగదు సిద్ధంగా ఉండాలి అన్నదే.

ఈ పద్ధతివలన ఏ ఒక్కరి బాకీ అయినా ఒక రోజు కదలికకు మించి పేరుకుపోదు. నష్టపోయిన సభ్యుడు మరునాడు సొమ్ము కట్టకపోతే అతని ఒప్పందాలను మూసివేసి, అప్పటికే చేతిలో ఉన్న మార్జిన్‌నుండి ఆ లోటును పూడ్చుకుంటారు. నాలుగైదు నెలల నష్టం ఒక్కసారి బయటపడి వ్యవస్థను కూల్చే ప్రమాదం అలా తగ్గుతుంది. వ్యవస్థకు కలిగే ఈ భద్రతకు మూల్యం మాత్రం ఒప్పందంలో ఉన్నవారు నగదు రూపంలో చెల్లిస్తారు.

5.0 నగదు చాలని రక్షణ

పై ఉదాహరణనే ముందుకు తీసుకుపోతే ఆ మూల్యం ఎంతో తెలుస్తుంది. జూలై ఆరంభానికి వర్షాభావ వార్తలతో ఆగస్టు ఫ్యూచర్స్ 17,000 రూపాయలకు చేరిందనుకోవాలి. సంస్థ ఇంతవరకు చెల్లించిన తేడా సొమ్ము 15 లక్షలు. ఒప్పందం విలువ 85 లక్షలకు పెరిగింది. ఒడుదొడుకుల కారణంగా మార్జిన్‌ను 20 శాతానికి పెంచితే ఆ ఒక్కటే 17 లక్షలవుతుంది. మార్చిలో 8.4 లక్షలతో మొదలైన వ్యవహారంలో ఇప్పుడు 32 లక్షలు నిలిచిపోయాయి.

సంస్థ నిజంగా పేదదైపోయిందా? లేదు. గోదాములోని పసుపు విలువ కూడా అంతే పెరిగింది. ధర ఇదే స్థాయిలో గడువుకు చేరితే 85 లక్షలకు సరుకు అమ్మి, కట్టిన 15 లక్షలు తీసివేస్తే 70 లక్షలు మిగులుతాయి. మార్చిలో కోరుకున్నది అదే. చిక్కు ఎక్కడంటే, ఫ్యూచర్స్ నష్టాన్ని ఈ రోజే నగదుగా కట్టాలి. పసుపుమీది లాభం అమ్మిన రోజుగాని చేతికి రాదు. ఒకవైపు నష్టం రొక్కంలో, మరొకవైపు లాభం బస్తాల్లో ఉంటుంది.

సంస్థవద్ద ఆ నగదు లేదనుకుంటే బ్రోకరు 17,000 వద్ద ఒప్పందాలను మూసివేస్తాడు. 15 లక్షల నష్టం ఖాయమవుతుంది. పెంచిన మార్జిన్ వెనక్కి వస్తుంది గాని రక్షణ పోతుంది. తరువాత వర్షాలు కురిసి, గడువునాటికి ధర 13,000కు పడిపోయిందనుకుంటే ఫలితాలు ఇలా ఉంటాయి. ఒప్పందాన్ని చివరిదాకా నిలుపుకొని ఉంటే, సరుకుకు 65 లక్షలు, ఫ్యూచర్స్‌లో 5 లక్షలు కలిపి 70 లక్షలు వచ్చేవి. అసలు ఫ్యూచర్స్ జోలికే పోకుండా ఉంటే 65 లక్షలు వచ్చేవి. మధ్యలో తెగిపోయినందున మిగిలినది 50 లక్షలు. ధరరక్షణ చేసుకున్నవారు చేసుకోనివారికంటే 15 లక్షలు తక్కువ పొందారు. వారి అంచనాలో తప్పేమీ లేదు, గడువునాటి ధర వారు భయపడినట్లే పడింది. లోపించినది మధ్యకాలపు నగదు.

ఈ పరిస్థితి చిన్న సంస్థలకే పరిమితం కాదు. 1993లో జర్మనీకి చెందిన మెటాల్‌గెసెల్‌షాఫ్ట్ అనే పెద్ద పరిశ్రమకు ఇదే ఎదురైంది. దాని అమెరికా శాఖ చాలా సంవత్సరాలపాటు స్థిరధరకు ఇంధనం సరఫరా చేస్తామని వినియోగదారులకు మాట ఇచ్చి, ఆ బాధ్యతకు రక్షణగా స్వల్పకాలిక చమురు ఫ్యూచర్స్ కొన్నది. ఆ ఏడాది చివర చమురు ధర పడిపోవడంతో ఫ్యూచర్స్ నష్టం నగదుగా కట్టవలసివచ్చింది. దీర్ఘకాలిక సరఫరా ఒప్పందాల్లోని లాభం మాత్రం రాబోయే సంవత్సరాల్లో రావలసినది. మాతృసంస్థ ఫ్యూచర్స్ మూసివేయించింది. నష్టం సుమారు 130 కోట్ల డాలర్లు. మూసివేయడమే పొరపాటని మెర్టన్ మిల్లర్, క్రిస్టఫర్ కల్ప్ వాదించగా, అసలు ఏర్పాటే ప్రమాదకరమని మరికొందరు ఆర్థికవేత్తలు అన్నారు. నగదు ఒత్తిడి ఎంత తీవ్రమైనదో మాత్రం ఉభయుల వాదనలూ చూపుతున్నాయి.

6.0 గడువు

ఫ్యూచర్స్ ధరా, యార్డులోని తక్షణ ధరా సాధారణంగా ఒకటిగా ఉండవు. మార్చిలో యార్డులో 13,400 ఉన్నప్పుడు ఆగస్టు ఫ్యూచర్స్ 14,000 ఉండటానికి గోదాము అద్దె, పెట్టుబడిమీద వడ్డీ, తరుగు, రాబోయే సరఫరాపై అంచనా కారణాలు. కాలం గడిచేకొద్దీ ఈ ఖర్చులకు చోటు తగ్గుతుంది. గడువునాటికి ఫ్యూచర్స్ అంటే అప్పటికప్పుడు అప్పగించే సరుకే గనుక రెండు ధరలూ దగ్గరవుతాయి. ఫ్యూచర్స్ ధర బాగా ఎక్కువగా ఉంటే యార్డులో కొని అప్పగించేవారు, తక్కువగా ఉంటే ఫ్యూచర్స్‌లో కొని సరుకు తీసుకొనేవారు ముందుకు వచ్చి ఆ తేడాను కరిగిస్తారు.

పసుపు ఒప్పందంలో గడువు సాధారణంగా నెలలో 20వ తేదీ. ఆనాటికి మూయకుండా మిగిలిన లాట్లకు సరుకు అప్పగింత తప్పనిసరి. సరుకును ఆమోదిత గోదాముకు తరలించి, తేమ, చెత్త, విరిగిన ముక్కలు వంటి అంశాలలో నాణ్యతపరీక్ష చేయించాలి. ఈ పరీక్షలో నిలవని పసుపు ఎంత విలువైనదైనా ఒప్పందానికి పనికిరాదు. అప్పగింతకు చెల్లించే ధర మార్చిలో కుదిరిన 14,000 కాదు, గడువునాడు తక్షణ ధరల ఆధారంగా ఎక్స్ఛేంజి ప్రకటించే తుది పరిష్కార ధర. మిగిలిన తేడా అంతకుముందే రోజువారీగా చేతులు మారి ఉంటుంది. రెండూ కలిపితేనే 14,000 అవుతుంది. చాలామంది విక్రేతలు సరుకు అప్పగించకుండా, గడువుకు ముందే లాట్లను తిరిగి కొని, పసుపును తమకు తెలిసిన యార్డులో అమ్ముకుంటారు. అప్పుడు స్థానిక ధర ఫ్యూచర్స్ ధరతో ఎంతవరకు కలిసి నడిచిందన్నదానిమీద వారి ఫలితం ఆధారపడుతుంది.

అన్ని ఒప్పందాలూ సరుకుతో ముగియవు. కొన్ని కేవలం నగదు తేడాతో తీరుతాయి. అటువంటివాటిలో తుది పరిష్కార ధరను ఎక్కడినుండి తీసుకుంటారన్నది కీలకం. ముంబయిలోని ఎంసీఎక్స్ ముడిచమురు ఒప్పందంలో 2020 ఏప్రిల్ 20న ఇది బయటపడింది. లాక్‌డౌన్ కారణంగా ఆ రోజుల్లో అక్కడి వ్యాపారం సాయంత్రం 5 గంటలకే ముగిసేది. ఆనాటి చివరి ధర బ్యారెలుకు సుమారు 965 రూపాయలు. తుది ధర మాత్రం న్యూయార్క్ మార్కెట్‌ను అనుసరించాలి. ఆ రాత్రి న్యూయార్క్‌లో చమురు మైనస్ 37.63 డాలర్లవద్ద ముగిసింది. ఎంసీఎక్స్ తుది ధర మైనస్ 2,884 రూపాయలైంది. 100 బ్యారెళ్ల ఒక లాట్ పట్టుకొని ఉన్న కొనుగోలుదారుకు సాయంత్రం చివరి ధర నుండి తుది ధరకు సుమారు 3.85 లక్షల నష్టం. సాయంత్రం ఆ లాట్ మొత్తం విలువే సుమారు 96,500 రూపాయలు. ధర సున్నాకు దిగువకు పోదన్న నమ్మకంతో లెక్కించిన ఏ మార్జిన్ కూడా ఆ రాత్రికి చాలదు.

7.0 ముందుగా వేయవలసిన లెక్క

ఫ్యూచర్స్ అమ్మదలచిన సంస్థ రెండు లెక్కలు వేరువేరుగా వేయాలి. గడువునాటికి చివరి రాబడి ఎంత అన్నది మొదటిది. ధర ఎదురుదిశలో ఎంతదాకా పోతే అంతదాకా నగదు ఎక్కడినుండి వస్తుంది అన్నది రెండవది. పై సంస్థ విషయంలో ధర 20 శాతం పెరిగితే తేడా సొమ్ము 14 లక్షలు. 84 లక్షల కొత్త విలువమీద 20 శాతం మార్జిన్ 16.8 లక్షలు. అంటే 30.8 లక్షలకు ఆధారం మార్చిలోనే కనిపించాలి. కనిపించకపోతే 10 లాట్లకు బదులు 4 లాట్లకు మాత్రమే రక్షణ తీసుకోవచ్చు. అప్పుడు ఇదే కదలికకు కావలసినది 12.32 లక్షలు. మిగిలిన సరుకుమీద ధరభయం ఉంటుంది గాని, తీసుకున్న రక్షణ మధ్యలో తెగదు.

సరుకు చేతిలో ఉన్నవారికి మరొక మార్గముంది. పసుపును ఆమోదిత గోదాములో జమచేసి, నాణ్యతపరీక్ష పూర్తయిన సరుకును అప్పగింతకు ముందుగానే ఎక్స్ఛేంజికి అందిస్తే, ఆ మేరకు అమ్మకపు లాట్లపై ప్రారంభ మార్జిన్, అదనపు మార్జిన్ల నుండి మినహాయింపు లభిస్తుంది. రోజువారీ తేడా సొమ్ము మాత్రం అప్పుడూ నగదుగా కట్టవలసిందే. మినహాయింపు ధరావతుకే, లెక్క తేల్పుకు కాదు. అలా అందించకుండా ఉంచుకున్న సరుకైతే, గోదాము రసీదును తాకట్టుపెట్టి బ్యాంకు రుణం పొందవచ్చు. బస్తాల్లో ఉన్న లాభంలో కొంతభాగాన్ని అవసరమైన రోజున రొక్కంగా మార్చే సాధనం అది. ధర పెరిగాక రుణానికి బయలుదేరితే సమయం చాలదు. మరునాటికే సొమ్ము కట్టాలి గనుక ఆ ఏర్పాటు ఒప్పందానికి ముందే జరగాలి.

8.0 ముగింపు

మార్జిన్ మాట తప్పకుండా నిలిపే ధరావతు. రోజువారీ పరిష్కారం బాకీ పేరుకోకుండా చూసే కట్టుబాటు. గడువు ఫ్యూచర్స్ ధరను సరుకు ధరకు కట్టివేసే ముడి. ఈ మూడింటివలన, ముఖపరిచయం లేనివారి మధ్య కూడా నెలల దూరంలోని బేరం నిలబడుతుంది. అదే ఏర్పాటు ధరభయాన్ని తీసివేసి దాని స్థానంలో నగదు అవసరాన్ని పెడుతుంది. పసుపు సంస్థ ఉదాహరణలో 70 లక్షలు, 65 లక్షలు, 50 లక్షలు అనే మూడు ఫలితాలూ ఒకే సరుకుకు, ఒకే గడువు ధరకు సంబంధించినవి. వాటి మధ్య తేడాను నిర్ణయించినవి రెండే: ఒప్పందం ఉన్నదా లేదా, ఉంటే జూలైలో దానిని నిలుపుకోవడానికి నగదు ఉన్నదా లేదా.